కొనసాగింపు ఎవరి శ్రమ? – పరిగి చెరువు నేపథ్యంలో ప్రాంతీయ సామాజిక నిర్మాణాన్ని చదవడం

ప్రవేశిక

ఒక ప్రాంతపు సామాజిక నిర్మాణాన్ని గూర్చి శతాబ్దాల వ్యవధిలో ప్రశ్న వేసినపుడు మన సాహిత్య పరిశోధనలో సాధారణంగా రెండు రకాల సమాధానాలు కనిపిస్తాయి. ఒకటి, ఊరు అనాదిగా ఇలాగే ఉందనేది. రెండవది, ఆంగ్లేయుల పాలనతోనో స్వాతంత్ర్యంతోనో అంతా తలకిందులైందనేది. రాయలసీమ కథ, నవల, కావ్యం మీద వచ్చిన సిద్ధాంతవ్యాసాలలో చారిత్రక నేపథ్యమనే తొలి అధ్యాయం చాలావరకు ఈ రెంటి మధ్య ఊగుతూ ఉంటుంది. 'కొనసాగినవి', 'మారినవి' అని రెండు పట్టికలు వేసి, దేవాలయాన్ని, కులాన్ని, చెరువును మొదటి దానిలోను, భూమిశిస్తును, రైలును, బడిని రెండవ దానిలోను చేర్చి అధ్యాయాన్ని ముగించడం పరిపాటి.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. కొనసాగింపును అది ఏ ప్రయత్నమూ అక్కరలేని స్థితిగా, మార్పు జరగని చోట మిగిలిపోయే శేషంగా భావిస్తుంది. చెరువును ఉదాహరణగా తీసుకొంటే ఈ భావన నిలవదు. పూడిక తీయకుంటే, వానాకాలానికి ముందు కట్ట చూసుకోకుంటే, మరవ శుభ్రంగా లేకుంటే చెరువు కొన్నేళ్లకే చెరువుగా ఉండదు. కనుక వందల ఏళ్లుగా ఒక చెరువు ఉన్నదంటే, ప్రతి తరంలోను ఎవరో దానిని నిలబెట్టారని అర్థం. నిలబెట్టినవారు ఎవరు, వారికి ప్రతిఫలం ఏ రూపంలో ముట్టింది, ఆ ప్రతిఫలాన్ని రద్దు చేసే అధికారం ఎవరికి ఉండింది అన్న ప్రశ్నలను ఒక్కొక్క కాలానికి వేసి చూస్తే, కొనసాగింపులోని మార్పు, మార్పులోని కొనసాగింపు ఒకేచోట తెలిసివస్తాయి. హిందూపురానికి సమీపంలోని పరిగిని, దాని చెరువును ఆధారం చేసుకొని ఈ వాదాన్ని పరీక్షించడమే ఈ వ్యాసోద్దేశం. పరిగి గూర్చిన ఆధారాలు తగ్గినచోట అదే పెన్నా ఎగువ సీమకు, ఆ తర్వాత పూర్వపు అనంతపురం జిల్లాకు పరిధిని పెంచుకొన్నాను. అలా పెంచిన ప్రతిచోటా ఆ సంగతిని చెప్పాను.

1. మారని ఊరు అనే భావన ఎక్కడిది?

పరిగి ప్రాంతాన్ని ఎన్నుకోవడానికి బలమైన కారణం ఒకటుంది. భారతీయ గ్రామం మారనిదన్న భావనను ప్రపంచానికి పరిచయం చేసిన వ్రాతలలో ముఖ్యమైనది ఈ సీమలోనే పుట్టింది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేసిన తర్వాత ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, 1806 మే 15న అనంతపురం నుంచి వ్రాసిన నివేదికలో, పన్నెండుగురు ఆయగాండ్రతో కూడిన ప్రతి గ్రామమూ ఒక చిన్న గణరాజ్యమనీ, దేశమంతా అటువంటి గణరాజ్యాల సముదాయమనీ పేర్కొన్నాడు. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన ఐదవ నివేదికలో గ్రామోద్యోగుల వర్ణన చేరింది. రెడ్డి, కరణం, తలారి, తోటి మొదలైనవారితో పాటు చెరువులను, కాలువలను చూసుకొంటూ పొలాలకు నీరు పంచే ఉద్యోగి ఆ వర్ణనలో ఉన్నాడు. మనవైపు అతడే నీరుగంటి. 1830లో మెట్‌కాఫ్ ఈ భావనను మరింత విస్తరించాడు. 1853లో మార్క్స్ ఐదవ నివేదికలోని వర్ణననే గ్రహించి, ఆ వ్యవస్థలోని నిశ్చలత్వాన్ని తీవ్రంగా విమర్శించాడు. మన్రో నుంచి మెయిన్ వరకు ఈ భావన నడిచిన దారిని లూయీ ద్యుమాఁ 1966లో ఒక వ్యాసంలో పరిశీలించాడు.

సాహిత్య పరిశోధకులకు ఈ చరిత్ర ఎందుకు ముఖ్యం? 'అనాది గ్రామం' అన్న మాటను మనం తరచుగా ప్రాచీనాధారంగా వాడుతున్నాం. నిజానికి అది 1806 నాటి ఒక పాలనాధికారి పరిశీలన. అంతకు ముందు ఈ సీమ చూసినది ప్రశాంతత కాదు. విజయనగర పతనం తర్వాత పెనుకొండ రాజధాని కావడం, బీజాపురం, మరాఠా, మైసూరు సేనల రాకపోకలు, పాళెగాండ్ర పోరాటాలు గడిచిన రెండున్నర శతాబ్దాల చివర మన్రో ఈ గ్రామాన్ని చూశాడు. పైన ప్రభువులు మారినా కింద ఊరు నిలిచిందన్నది అతని భావం. ఆ నిలకడకు అయిన ఖర్చును అతడు ఈ వాక్యంలో ప్రశ్నించలేదు. కాని పాలనాధికారిగా అదే ప్రశ్న అతనికి మరుసటి ఏడే ఎదురైంది. దానిని మూడవ భాగంలో చూద్దాం.

2. పరువి నుంచి పరిగికి: పేరు చెప్పేది ఎంత?

నేటి పరిగిని శాసనాలలోని పరువిగా పండితులు గుర్తించారు. పశ్చిమ గంగరాజు మాధవుని పెనుకొండ తామ్రశాసనం ఇందుకు ముఖ్యాధారం. క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందినదిగా నిర్ణయించిన ఈ సంస్కృత శాసనం పరువి విషయంలో, పరువి చెరువు కింది వరిమళ్లను ఒక బ్రాహ్మణునికి దానం చేసినట్లు తెలుపుతుంది. మళ్ల పరిమాణాన్ని విత్తన పరిమాణంతో చెప్పడం కూడా ఇందులో ఉంది. ఖండుగం లెక్కన విత్తనంతో భూమిని కొలిచే అలవాటు ఈ సీమలో చాలాకాలం నిలిచింది.

ఇంతవరకు చూస్తే కొనసాగింపు స్పష్టంగా ఉన్నట్టే తోస్తుంది. ఊరిపేరు ఉంది, చెరువు ఉంది, దాని కింద వరి ఉంది, కొలమానం ఉంది. అయితే ఈ నాలుగూ సామాజిక నిర్మాణాన్ని గూర్చి మనకు చెప్పేదెంత అన్నది వేరే ప్రశ్న. శాసనం దాతను, గ్రహీతను, దత్తమైన మళ్లను మాత్రమే పేర్కొంటుంది. దానం నాటికే చెరువు ఉంది గనుక, దానిని అంతకు ముందే ఎవరో కట్టారని ఊహించవచ్చు. ఆ మళ్లలో దిగి దున్నినవారు, తూము తెరిచినవారు శాసనంలో లేరు. లేకపోవడం శాసన ప్రక్రియకు సహజం. అది దానపత్రం, గ్రామవర్ణన కాదు. కాబట్టి 5వ శతాబ్దంలో పరువిలో నీరుగంటి ఉన్నాడనిగాని లేడనిగాని ఈ శాసనం ఆధారంగా అనలేం. 1806 నాటి గ్రామోద్యోగుల పట్టికను వెనక్కు తీసుకుపోయి పరువి చెరువుగట్టున నిలబెట్టడం, రెండు బిందువుల మధ్య గీత గీసి దానినే చరిత్ర అనడం వంటిది.

ఇదే జాగ్రత్త కులవాచకాల విషయంలోను అవసరం. కాకతీయుల కాలపు ఆంధ్రదేశ శాసనాలను విస్తృతంగా పరిశీలించిన సింథియా టాల్బట్, రెడ్డి, నాయక, సెట్టి వంటి మాటలు ఆ శాసనాలలో ప్రధానంగా అంతస్తును, వృత్తిని సూచించే బిరుదులుగా కనిపిస్తాయనీ, తండ్రీకొడుకులకు వేర్వేరు బిరుదులున్న సందర్భాలు కూడా ఉన్నాయనీ చూపారు. ఆమె పరిశీలించినది ప్రధానంగా తెలంగాణ, కోస్తా ప్రాంతాలను. ఆ నిర్ణయాన్ని యథాతథంగా పెనుకొండ సీమకు అన్వయించలేం. అయితే 'రెడ్డి' అన్న మాట శాసనంలో కనిపించగానే నేటి కులాన్ని దానిలో చదవరాదన్న హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. మాట కొనసాగినంత మాత్రాన అది సూచించిన సంబంధం కొనసాగినట్లు కాదు.

విజయనగర కాలానికి వచ్చేసరికి ఆధారాలు కొంత నోరు విప్పుతాయి. పరిగికి ఎగువన, నేటి కర్ణాటకలోని గౌరీబిదనూరు సమీపంలో కల్లూడి వద్ద 1388 నాటి శాసనమొకటి ఉంది. పెనుకొండను పాలిస్తున్న బుక్కరాయలు, పెన్నానదిని పెనుకొండకు తీసుకురమ్మని జలసూత్రం తెలిసిన సింగాయభట్టును ఆదేశించగా, అతడు కల్లూడి నుంచి సిరువెర చెరువుకు కాలువ తవ్వించి దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరుపెట్టినట్లు ఆ శాసనం చెబుతుంది. పెన్నా పరీవాహక ప్రాంతంలోనే ఇంకా దిగువకు పోతే, కడప సీమలో 1369 నాటి పోరుమామిళ్ల శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించిన వివరం దానిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు వచ్చే ఆరు దోషాలను అది చెబుతుంది. రోజుకు వేయిమంది పనివారు, రాతిపనికి నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్లు కూడా నమోదు చేస్తుంది.

ఈ రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. కట్టించినవానికి పేరు ఉంది. విద్య తెలిసినవానికి పేరు ఉంది. మట్టి మోసినవారికి ఒకచోట ప్రస్తావనే లేదు, మరొకచోట అంకె ఉంది. 5వ శతాబ్దపు మౌనానికీ 14వ శతాబ్దపు అంకెకూ తేడా ఉంది. శ్రమ లెక్కింపదగినదైంది. అయితే లెక్కింపబడిన శ్రమకు ఇంకా వ్యక్తిత్వం రాలేదు. ఆధారాలు అనుమతించినంత మేరకు మార్పును, కొనసాగింపును ఒకే వాక్యంలో చెప్పడమంటే ఇది.

3. దశబంధం: ఒక మాట ప్రయాణం

చెరువును నిలబెట్టే ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ఈ సీమలో శతాబ్దాలపాటు వినిపించిన ఒక సమాధానం 'దశబంధం'. శాసనాలలో దశవంద, దశవంధ అన్న రూపాలు కూడా కనిపిస్తాయి. చెరువు కట్టించినవారికి, లేదా తెగిన చెరువును బాగుచేయించినవారికి, దాని కింద సాగయ్యే భూమిలో కొంత భాగాన్ని మాన్యంగా ఇచ్చే పద్ధతి ఇది. పేరు పదింట ఒకటని చెబుతుంది. ఆచరణలో ఆ నిష్పత్తి అన్నిచోట్లా ఒకేలా లేదు. కన్నడ ప్రాంతంలో కట్టుకొడిగె అని పిలిచేది ఇటువంటిదే.

ఈ ఏర్పాటులోని ఆలోచనను అర్థం చేసుకోవడానికి ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం తోడ్పడుతుంది. దేశం చిన్నదైనచోట చెరువులు, కాలువలు కల్పించి, పేదరైతుకు అరిలోను కోరులోను సడలింపు ఇస్తే అతడు వృద్ధి చెందుతాడనీ, దానివల్ల రాజుకు అర్థమూ ధర్మమూ రెండూ చేకూరుతాయనీ కృష్ణదేవరాయలు అక్కడ ఉపదేశిస్తాడు. విమర్శకులు ఈ భాగాన్ని రాయల ప్రజాపాలనకు నిదర్శనంగా ఉదాహరిస్తూ వచ్చారు. ఆ మాట సరైనదే. దానితో పాటు, నీటి కల్పనను, పన్ను సడలింపును ఒకే ముడిలో పెట్టిన ఆర్థిక సూత్రంగా కూడా దీనిని చదవాలి. రాజు ఖజానా నుంచి నేరుగా చెల్లించే బదులు, రాబోయే పంటలో తన వాటాను కొంత వదులుకొంటాడు. ఆ వదులుకొన్న భాగమే చెరువును నిలబెట్టే పెట్టుబడి అవుతుంది. దశబంధం వెనుక ఉన్న తర్కమూ ఇదే.

ఇప్పుడు 1807కు వద్దాం. ఆ ఏడాది ఆగస్టు 15న మన్రో తన శాశ్వత రైతువారీ ప్రతిపాదనను పంపాడు. భూములన్నిటి మీద శిస్తులో నూటికి 25 తగ్గించాలని, బావుల కింద, ఏటి నుంచి ఎత్తిపోసుకొనే నీటి కింద ఉన్న భూములకు మరో 8 తగ్గించాలని అతడు కోరాడు. ఈ అదనపు తగ్గింపుకు ఒక షరతు ఉంది. బావులను, ఆనకట్టలను రైతులు సొంత ఖర్చుతో బాగుచేసుకోవాలి. చిన్న చెరువుల మరమ్మతుకు ఊరివారు ఒప్పుకొంటే వాటి కింది భూములకూ అటువంటి తగ్గింపు ఇవ్వవచ్చన్నాడు. ప్రతిపాదన అప్పుడు అమలు కాలేదు. మన్రో వెళ్లిపోయిన తర్వాత గ్రామాలను గుత్తకు ఇచ్చారు. రైతువారీ తిరిగి రావడానికి మరో దశాబ్దానికి పైగా పట్టింది.

ఈ ప్రతిపాదనను రాయల ఉపదేశం పక్కన పెడితే పోలిక ఆకర్షణీయంగా ఉంటుంది. ఇద్దరూ సడలింపుకూ నీటికీ ముడి వేశారు. సుమారు మూడు వందల ఏళ్ల దూరం చెరిగిపోయినట్లు తోస్తుంది. కొనసాగింపు గూర్చిన వాదాలు ఎక్కువగా దారితప్పేది ఇక్కడే. ప్రవేశికలో చెప్పిన ప్రశ్నలను మళ్లీ వేద్దాం. ప్రతిఫలం ఏ రూపంలో? విజయనగర దశబంధంలో అది మాన్యభూమి. మన్రో ప్రతిపాదనలో అది ప్రతి రైతు శిస్తులెక్కలో తగ్గిన మొత్తం. ఎవరికి? మొదటిదానిలో చెరువు కట్టించగల స్తోమత ఉన్న ఒక వ్యక్తికి లేదా కుటుంబానికి. రెండవదానిలో పట్టా ఉన్న ఒక్కొక్క రైతుకు. దేనికి? మొదటిదానిలో ప్రధానంగా చేసిన పనికి గౌరవ పారితోషికం. రెండవదానిలో ఇకముందు చేయవలసిన పనికి ముందస్తు ఒప్పందం.

దశబంధం మాట ఆ తర్వాత కూడా పోలేదు. మద్రాసు ప్రభుత్వపు రెవెన్యూ లెక్కలలో దశబంధం ఇనాం ఒక వర్గంగా మిగిలింది. ప్రత్యేకంగా ఒక భూఖండాన్ని విడదీసి ఇచ్చినది ఖండ దశబంధం. ఆయకట్టు మొత్తం ఆదాయంలో వాటాగా ఉన్నది షామిలాతు దశబంధం. 1858 తర్వాత ఇనాం కమిషను హక్కులను విచారించినపుడు ఇవి చెరువు మరమ్మతు షరతుకు కట్టుబడిన ఇనాములుగా స్థిరపడ్డాయి. చెరువును చూడకపోతే ఇనామును వెనక్కు తీసుకొనే ప్రశ్న వస్తుంది. అంటే మాట అదే, మాన్యం అదే, అనుభవించే కుటుంబమూ అదే కావచ్చు. హక్కు పునాది మాత్రం మారింది. పూర్వికుల కీర్తికి గుర్తుగా ఉన్నది సర్కారు తనిఖీకి లోబడిన షరతుగా మారింది. చెరువు చరిత్రలో 'కొనసాగినవి' అన్న పట్టికలో దశబంధాన్ని చేర్చే పరిశోధకుడు ఈ మార్పును చూడలేడు. 'మారినవి' అన్న పట్టికలో చేర్చేవాడు, ఖజానా నుంచి ఖర్చుపెట్టకుండా వదులుకొన్న వాటాతోనే నీటిని నిలుపుకోవాలన్న పాలనాసూత్రం అన్ని కాలాలలోనూ నిలిచిందన్న సంగతిని చూడలేడు.

4. కట్ట తెగే వేళ: చట్టమూ కావ్యమూ

చెరువుకు అసలు పరీక్ష కట్ట తెగబోయే రాత్రి. సామాజిక నిర్మాణం నగ్నంగా కనిపించేది అప్పుడే. ఎవరు పరుగెత్తాలి, ఎవరు ఆజ్ఞాపించాలి అన్నది అప్పుడు తేలిపోతుంది. పరిగి చెరువును గూర్చి అటువంటి కథనం ఏదీ మన సాహిత్యంలో ప్రసిద్ధం కాలేదు. అందుచేత ఈ భాగంలో అదే జిల్లాలోని బుక్కరాయసముద్రం చెరువుకు వెళ్లక తప్పదు. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్టించాడని సంప్రదాయం చెప్పే చెరువది.

కట్ట తెగబోయినపుడు బసిరెడ్డి కడగొట్టు కోడలు ముసలమ్మ ఆత్మబలి చేసుకొని దానిని నిలిపిందన్న కథ అనంతపురపు స్థానిక చరిత్రలో ఉంది. తెలుగులో వ్రాయబడిన ఆ చరిత్రను సి.పి. బ్రౌన్ సేకరించి ఆంగ్లానువాదంతో 1853లో వెలుగులోకి తెచ్చాడు. దానిని ఆధారం చేసుకొని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, విద్యార్థి దశలో, 'ముసలమ్మ మరణము' రచించారు. నవ్యకవిత్వానికి తొలి మెట్టుగా ఈ కావ్యాన్ని మన సాహిత్యచరిత్ర గుర్తించింది. దీనిపై వచ్చిన విమర్శ కరుణరసాన్ని, పురాణేతర ఇతివృత్త స్వీకారాన్ని, ఆంగ్లకవితా ప్రభావాన్ని, సామాన్య గృహిణిని నాయికగా నిలపడాన్ని విస్తారంగా చర్చించింది. చెరువు మాత్రం ఆ చర్చలో నేపథ్యంగానే ఉండిపోయింది.

చెరువును ముందుకు తెచ్చి చదివితే కావ్యం మరొక ప్రశ్నకు సమాధానంగా కనిపిస్తుంది. ఊరికి ఆపద వచ్చింది. దైవవాక్కు ఒక కుటుంబాన్ని, ఆ కుటుంబంలో ఒక్క కోడలిని ఎన్నుకొంది. ఆ కుటుంబం భూమి ఉన్న రెడ్డి కుటుంబం. బలి ఆమె ఇష్టపూర్వకంగా స్వీకరించినది. కథలో దైవం కోరినదాన్ని కావ్యం ఆమె సొంత నిశ్చయంగా తీర్చిదిద్ది, ఆ నిశ్చయంలోనే ఆమె ఔన్నత్యాన్ని నిలిపింది. చెరువును నిలబెట్టే బాధ్యత ఈ కావ్యలోకంలో త్యాగమనే రూపం ధరించింది.

ఇదే బాధ్యతకు ఆ కాలపు చట్టం ఇచ్చిన రూపం వేరు. 1858 నాటి మద్రాసు నిర్బంధశ్రమ చట్టం ప్రకారం చెరువుకట్టకో నదిగట్టుకో గండిపడే ప్రమాదం ఏర్పడితే, సమీప గ్రామాలలోని శ్రామిక వర్గాలకు చెందిన దేహదారుఢ్యం గల పురుషులను అధికారులు పనికి పిలవవచ్చు. నిరాకరించడం శిక్షార్హం. చేసిన పనికి కూలి ఉంది. ఆనవాయితీగా గ్రామస్థులు చేయవలసిన మరమ్మతు పనిని ఎగవేస్తే, ఆ శ్రమ విలువకు రెట్టింపు వసూలు చేసే నిబంధన కూడా అందులో ఉంది. గంప పట్టుకొని కట్టమీదికి పరుగెత్తడం పాత ఆచారమే. చట్టం ఆ ఆచారాన్ని ఉంచి, దాని వెనుక ఉన్న ఊరిపెద్ద మాటను, కులకట్టుబాటును, దేవతాభీతిని తొలగించి ఆ స్థానంలో శిక్షాభయాన్ని పెట్టింది. అంతకన్న గమనించవలసినది, ఎవరు పరుగెత్తాలన్నది అది పేరుపెట్టి చెప్పింది. చెరువునీరు పారే భూమి ఎవరిదో వారు కాదు. కూలిచేసే వర్గంవారు.

చట్టానికీ కావ్యానికీ మధ్య 41 ఏళ్లున్నాయి. రామలింగారెడ్డి ఆ చట్టాన్ని దృష్టిలో పెట్టుకొని వ్రాశారని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇతివృత్తం పూర్వకాలానిది. చట్టంతో దానికి పని లేదు. నేను సూచించదలచినది, ఒకే కాలపు సమాజం ఒకే ప్రశ్నకు రెండు వేర్వేరు ప్రక్రియలలో రెండు విరుద్ధమైన సమాధానాలు చెప్పుకొన్నదని. చట్టంలో భారం భూమిలేని దేహం మీద పడింది. కావ్యంలో భూమి ఉన్న ఇంటి కోడలు దానిని తలకెత్తుకొంది. కావ్యం చదివిన పాఠకునికి చెరువు త్యాగంతో నిలిచిందన్న తృప్తి కలుగుతుంది. కట్టమీద రాత్రంతా మట్టిపోసే చేతులు ఆ తృప్తి వెలుగులో కనబడవు. పోరుమామిళ్ల శాసనంలో అంకెగానైనా ఉన్న వేయిమంది, కావ్యంలో ఆర్తనాదం చేసే జనసమూహంగా మారారు. సాహిత్యం సామాజిక నిర్మాణాన్ని ప్రతిఫలిస్తుందని మనం తరచుగా అంటాం. ఈ సందర్భంలో అది ప్రతిఫలించడంకన్న, నిర్మాణంలోని భారాన్ని ఒక వర్గం నుంచి మరొక వర్గానికి ఊహలో బదిలీ చేసింది.

అయితే ఈ విమర్శను ఒక అడుగు దాటనివ్వకూడదు. కోడలు అన్న స్థానం కూడా అధికార స్థానం కాదు. భూమి ఉన్న కుటుంబంలో అందరికన్న చివర వచ్చి చేరినది, అందరికన్న తక్కువ మాట చెల్లేది కడగొట్టు కోడలే. కులం రీత్యా పైమెట్టున, ఇంటిలో కిందిమెట్టున ఉన్న ఆమె మీద భారం పడడంలో, పై నుంచి కిందికి దిగే నీటివాలు వంటి తర్కమే పనిచేసింది. ఈ కోణంలో కావ్యమూ చట్టమూ అంత దూరంగా లేవు. రెండింటిలోనూ నిరాకరించే శక్తి తక్కువగా ఉన్నవారి మీదనే కొనసాగింపు భారం మోపబడింది.

5. నీరుగంటి: పేరు మారినపుడు నిలిచినది

ఇంతవరకు మాట నిలిచి సంబంధం మారిన సందర్భాన్ని చూశాం. దీనికి ఎదురైనది, మాట మారి సంబంధం నిలిచిన సందర్భం. నీరుగంటి చరిత్ర దానికి తగిన ఉదాహరణ.

ఆయగాండ్ర వ్యవస్థలో నీరుగంటికి ప్రతిఫలం కళ్ళంలో కొలిచే మేర, కొన్నిచోట్ల చిన్న మాన్యం. ఈ పని చాలాచోట్ల దళిత కుటుంబాలకు వంశపారంపర్యంగా ఉండేది. తూము తీయడం, మూయడం, మళ్లకు వంతులవారీగా నీరు కట్టడం, కట్టమీద కాపలా అతని పని. ఎవరి మడికి ఎంత నీరో అతనికి తెలుసు. ఆ జ్ఞానం అతని చేతిలో ఉంది. నీటిమీద హక్కు మాత్రం మడి గలవారిది. తన చేతిమీదుగా పారే నీటిలో తనకు పాలు లేకపోవడం ఈ పని స్వభావం. మేర అన్న మాట హక్కును ధ్వనిస్తుంది. అది కళ్ళంలో రైతు కొలిస్తే అందేది.

తర్వాతి మార్పులు వేగంగా జరిగాయి. 1956లో ఆంధ్ర ప్రాంతపు ఇనాముల రద్దు చట్టం వచ్చింది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. 1997లో సేద్యపు నీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకొనే చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. పన్నెండుగురు ఆయగాండ్ర గ్రామం కాగితం మీద ముగిసింది. ఎన్నికైన సంఘం వచ్చింది. ఇది పెద్ద మార్పే. అయితే మన ప్రశ్నను ఇక్కడ కూడా వేయాలి. సంఘంలో ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవారికి. తరతరాలుగా తూము తీసిన కుటుంబానికి ఆయకట్టులో భూమి లేకపోతే, చెరువును గూర్చిన నిర్ణయంలో చోటు లేదు. పాత వ్యవస్థలో ఊరి సేవకుడుగా ఉన్న అతడు, కొత్త వ్యవస్థలో సంఘం ఇష్టపడితే పెట్టుకొనే పనివాడయ్యాడు. మేర పోయింది, వంశపారంపర్యం పోయింది, పేరూ పోతోంది. నీటి నిర్ణయం భూమితో ముడిపడి ఉండడం మాత్రం పోలేదు. నిజానికి ఇప్పుడు అది ఆచారం స్థాయి నుంచి శాసనం స్థాయికి చేరింది.

ఇక్కడ మళ్లీ ఒక హద్దు గీసుకోవాలి. ఈ సంబంధం 5వ శతాబ్దపు పరువి నుంచి నేటి దాకా చెక్కుచెదరలేదని ఈ ఆధారాలతో చెప్పలేం. గ్రామోద్యోగుల వివరమైన వర్ణనలు లభించే గడచిన రెండు శతాబ్దాలకే ఈ నిర్ణయం పరిమితం. అంతకు ముందు కాలానికి మన దగ్గర ఉన్నవి దాతలు, గ్రహీతలు, ఒక అంకె, ఒక రాజనీతి. వాటి నుంచి రాబట్టగలిగినది భూమికీ నీటికీ మధ్య ఉన్న ముడి పాతదని మాత్రమే. ఆ ముడిలో కింది కొస ఎవరి చేతిలో ఉందో, ఎలా మారుతూ వచ్చిందో ఆ ఆధారాలు చెప్పవు.

ఈ మౌనాన్ని పూరించే ప్రయత్నం ఇటీవలి రాయలసీమ నవలలో జరుగుతోంది. 18వ శతాబ్దపు హండే ప్రభువుల అనంతపురాన్ని ఇతివృత్తంగా తీసుకొన్న బండి నారాయణస్వామి 'శప్తభూమి' ఇందుకు ప్రముఖ ఉదాహరణ. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవలను చారిత్రక నవలగా చదివేటపుడు రాజకీయ సంఘటనల యథార్థతను సరిచూడడం ఒక పద్ధతి. స్థానిక చరిత్రలు అంకెగానో గుంపుగానో వదిలిన వారికి నవల ఏ స్థానాన్ని కల్పించిందన్నది అంతకన్న ఫలవంతమైన ప్రశ్న అని నా అభిప్రాయం. ఆధారం లేనిచోట చరిత్రకారుడు ఆగిపోవాలి. నవలాకారుడు ఆగనవసరం లేదు. అయితే నవల ఊహించినదానిని మళ్లీ చరిత్రాధారంగా వాడుకోవడం పరిశోధకుడు చేయరాని పని.

ఉపసంహారం

పరిగి చెరువును ఆధారం చేసుకొని జరిపిన ఈ పరిశీలనలో మూడు రకాల సందర్భాలు ఎదురయ్యాయి. దశబంధంలో మాట నిలిచి హక్కు పునాది మారింది. నీరుగంటి విషయంలో మాట, వేతనరూపం, నియామకరీతి మారి, నిర్ణయాధికారం భూమిని అంటిపెట్టుకొని ఉండడం నిలిచింది. పరువి శాసనంలో ఆధారం మౌనంగా ఉంది. అక్కడ కొనసాగింపునూ మార్పునూ రెంటినీ ప్రకటించకుండా ఉండడమే సరైన పద్ధతి. ఈ మూడింటిని వేరుచేయకుండా 'అనాదిగా' అనో 'పూర్తిగా మారిపోయి' అనో వ్రాసే వాక్యం, శతాబ్దాల ప్రశ్నకు సమాధానం చెప్పినట్లు కనిపిస్తూ ప్రశ్ననే తప్పించుకొంటుంది.

వీటిని వేరుచేయడానికి ఉపయోగపడినవి కొద్ది ప్రశ్నలే. ఎవరు చేస్తున్నారు, ఏ రూపంలో ముడుతోంది, ఎవరు రద్దు చేయగలరు, ఎవరు కాదనలేరు. శాసనానికి, కావ్యానికి, చట్టానికి, నవలకు ఇవే ప్రశ్నలు వేసినపుడు, ప్రక్రియాభేదం అడ్డురాకుండా అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయి. మన్రో 1806లో చూసిన నిలకడ అబద్ధం కాదు. ఆ నిలకడ పన్నెండుగురిలో కొందరి శ్రమతో, ఆ పన్నెండుగురిలో లెక్కకు రాని మరెందరి శ్రమతోనో సాధ్యమైంది. ఒక ప్రాంతపు సామాజిక నిర్మాణంలో ఏది కొనసాగిందో చెప్పే ప్రతి వాక్యంలోను దానిని కొనసాగించినది ఎవరన్న కర్తృపదం ఉండాలి. ఆ కర్త ఎవరో తెలియనిచోట వాక్యాన్ని అసంపూర్ణంగా వదలడమే పరిశోధనకు మేలు.